వీరనారిగా మారిన షావుకారు

ఆమెను విద్యార్థులు ఎసరు మేడం అని పిలుచుకునేవారు. ఎదురుగా కాదు, మెట్ల మలుపు దగ్గర. ఎప్పుడు చూసినా మరుగుతూనే ఉంటుందని ఆ పేరు. ఆ సంగతి ఆమె చెవిని పడింది గాని, ఆమె దాన్ని ఖండించనూ లేదు, చల్లబడనూ లేదు.

ఉద్యోగ పరీక్షలకు శిక్షణ ఇచ్చే ఆ కేంద్రం రెండో అంతస్తులో ఉంది. కింద టైర్ల దుకాణం. కిటికీ తెరిస్తే రబ్బరు వాసన, మూస్తే ఉక్క. అక్కడ ఆమె చరిత్ర చెప్పేది. అంతకు ముందు ఒక బడిలో పనిచేస్తూ, పాఠ్యపుస్తకంలోని తప్పును పిల్లల ముందే తప్పని అన్నందుకు ఆ కొలువు వదులుకోవలసి వచ్చింది. తిండి గురించి, చీరల గురించి, జీతం గురించి ఆమె ఎవరితోనూ గొడవపడినట్టు ఎవరూ చెప్పరు. “కీలక పాత్ర పోషించారు” అన్న ఒక్క మాట కనబడితే మాత్రం ఆమె అరికాలి మంట నెత్తికెక్కేది.

ఏటా తన విద్యార్థులకే ఒక నమూనా పరీక్ష పెట్టి, పై మార్కులు వచ్చిన పదిమందిని కేంద్రం ఉచిత బ్యాచిలో చేర్చుకునేది. ఆ ఏడు ఆ పరీక్ష రాసినవాళ్లలో ఒక టైలరుగారి కోడలు ఉంది. మధ్యాహ్నం దాకా కుట్టుమిషను, ఆ తర్వాత పాఠం. మామగారు తేల్చి చెప్పేశాడు: సీటొస్తే చదువు, రాకపోతే మిషను.

ప్రశ్న పదిహేను మార్కులది. స్వాతంత్ర్య పోరాటంలోనూ సంస్కరణోద్యమాల్లోనూ స్త్రీల పాత్రను విమర్శనాత్మకంగా పరిశీలించమన్నారు.

మేడం దిద్దుతూ పోతోంది. మొదటి జవాబులో, వీరనారుల పేర్ల మధ్య, ఒక బట్టల షావుకారు పేరు కనిపించింది. పొరపాటు అనుకుని కొట్టేసింది. రెండో జవాబులో అదే పేరు, అదే చోట. మూడోదానిలో “ఈమె మహిళాలోకానికి స్ఫూర్తిప్రదాత” అని అదనంగా ఉంది. అయిదారు కట్టలు తిరగేసే సరికి ఆమె ఆ పేరు కొట్టేసిన గీతకు కాగితం చిరిగింది.

ఎలా జరిగిందో ఊహించడానికి ఆమెకు ఎక్కువసేపు పట్టలేదు. పాఠంలో తాను చెప్పిన ఘట్టం అది: విదేశీ బట్టలమ్మే దుకాణం ముందు ఆడవాళ్లు వరుసగా కూర్చున్నారు, కొనేవాళ్లను చేతులు జోడించి ఆపారు, చివరికి షావుకారు సరుకు మూటగట్టి తిప్పి పంపి, దుకాణం మూసుకున్నాడు. కేంద్రం డైరెక్టరు ఆ నోట్సులోంచి పేర్లన్నీ ఏరి, “తప్పక కంఠస్థం చేయవలసిన మహిళలు” అని చార్టు అచ్చేయించి పంచాడు. ఆ షావుకారు పేరు వింటే ఆడో మగో తెలియదు. ఎవరికి వ్యతిరేకంగా ఆడవాళ్లు ఎండలో కూర్చున్నారో, అతడే వీరనారుల చార్టులో చేరి కూర్చున్నాడు.

టైలరు కోడలికి ఆ చార్టు అందలేదు. అది పంచిన పొద్దుట ఆమె మిషను దగ్గర ఉంది. విన్న పాఠంలోంచే, షావుకారు సరుకు తిప్పి పంపిన ఘట్టంతో సహా రాసింది. సంస్కర్తలు మొదట స్త్రీల గురించి తమలో తాము వాదించుకున్నారనీ, తర్వాత స్త్రీలే పత్రికలు, బడులు, సంఘాలు నడిపి ఆ వాదనను చేతుల్లోకి తీసుకున్నారనీ రాసింది. ఉద్యమం ఆడవాళ్లకు వీధి తెరిచింది గాని, తల్లులుగా, త్యాగమూర్తులుగా ఉన్నంతవరకే తెరిచిందనీ, జైలుకెళ్లినామె తిరిగొచ్చాక వంటింటి పని ఎవరూ పంచుకోలేదనీ రాసింది. కూలి స్త్రీలు, రైతు స్త్రీలు గుంపులో కనిపించి చరిత్రలో కనిపించకపోవడానికి కారణం అడిగింది. ఓటు వచ్చినంత త్వరగా ఆస్తిలో వాటా ఎందుకు రాలేదో చెప్పి ముగించింది. మేడం పదకొండు వేసింది.

మర్నాడు గోడకెక్కిన జాబితాలో ఆ అమ్మాయి పేరు లేదు. ఆమె జవాబు కాగితం మీద పదకొండు కొట్టేసి ఒకటి వేసి ఉంది.

మేడం డైరెక్టరు గదిలోకి అడుగుపెట్టేసరికి ఆయన ఫోను చెవి దగ్గర్నుంచి దింపాడు.

“ఒకటి ఎందుకేశారండీ?”

“పేరుకొక మార్కు మేడం. ఆ అమ్మాయి రాసింది ఒక్క పేరు. పరీక్షకుడికి మీకున్నంత తీరిక ఉండదు. పేరు కనబడాలి, టిక్కు పడాలి.”

“ఆ ఒక్క పేరు ఎవరిదో చూశారా?”

“మన చార్టులో ఉన్నదేగా.”

“మన చార్టులో ఉన్నది షావుకారు. ఆడవాళ్లంతా కలిసి అతని దుకాణం మూయించారు. మీరు దగ్గరుండి తెరిపించారు.”

డైరెక్టరు చార్టు తీసి చూసుకున్నాడు. ముఖం పాలిపోయింది గాని గొంతు తగ్గలేదు. “చిన్న పొరపాటు. రేపు తీసేద్దాం. అందరూ రాశారు కాబట్టి ఎవరికీ నష్టం లేదు.”

“ఒకమ్మాయి అతణ్ణి షావుకారుగానే రాసింది. సరిగ్గా రాసిన పాపానికి మిషను దగ్గరికి పోవాలా?”

“లిస్టు గోడకెక్కింది మేడం. దింపితే కేంద్రం పరువేం కాను?”

“గోడ మీదుంది పరువు కాదండీ, కాగితం,” అని ఆమె జవాబుల కట్ట చంకన పెట్టుకుని తరగతికి నడిచింది.

కాగితాలు ఎవరివి వాళ్లకు పంచి, ఉపోద్ఘాతం లేకుండా చెప్పింది. “పెన్నులు తియ్యండి. మీ జవాబులో ప్రతి పేరూ కొట్టెయ్యండి. మిగిలింది చదవండి. ఫ్లెక్సీ, నువ్వు లే.”

ఫ్లెక్సీ అంటే కేంద్రంలో ఎప్పుడూ మొదటి ర్యాంకు తెచ్చుకునే కుర్రాడు. కేంద్రం ముందున్న బ్యానరు మీద అతని ఫొటో ఉండేది. లేచి చదివాడు. “కీలక పాత్ర పోషించారు. చైతన్యం రగిలించారు. కీలక పాత్ర పోషించారు. ఎనలేని సేవ చేశారు. కీలక...”

వెనక బెంచీల్లో కిసుక్కుమన్నారు.

“నవ్వకండి, మీవీ అవే. ఏం చేశారు? ఎవరు అడ్డుపడ్డారు? ఇంట్లో ఏమన్నారు? తర్వాత వాళ్లకు ఏం దక్కింది? విమర్శనాత్మకంగా అంటే ఇదీ. పేరు సాక్ష్యం మాత్రమే. వాదన లేకుండా సాక్షిని నిలబెట్టి ఏం లాభం?” ఆపై షావుకారు సంగతి చెప్పింది.

తరగతి గొల్లుమంది. ఫ్లెక్సీ నవ్వలేదు. గుమ్మంలో నిలబడ్డ డైరెక్టరు వైపు తిరిగాడు. “ఆ పేరుకి నాకు మార్కెందుకేశారు సార్? అసలు పరీక్షలో ఇదే రాసుంటే నా గతేంటి?”

“కూర్చోవయ్యా, మాట్లాడుకుందాం.”

“ఇక్కడే మాట్లాడండి సార్,” అని వెనకనుంచి ఎవరో అరిచారు. ఆ గొంతుకు మరికొన్ని గొంతులు తోడయ్యాయి.

సాయంత్రానికి జాబితా దిగింది. మేడం, మరొక అధ్యాపకుడు కూర్చుని జవాబులన్నీ కొత్తగా దిద్దారు. రెండోసారి గోడకెక్కిన పదిమందిలో టైలరు కోడలు ఉంది. ఫ్లెక్సీ లేడు. బ్యానరు మాత్రం అలాగే ఉంది.

ఆ అమ్మాయి స్టాఫు రూముకి వచ్చింది. “మామయ్యగారు సరేనన్నారు మేడం.”

“సంతోషం. పదిహేనుకి పదకొండే ఎందుకేశానో అడగవేం?”

“ఎందుకేశారు మేడం?”

“వాదన బాగుంది, సాక్ష్యం లేదు. నీ జవాబు మొత్తానికి ఒక్క మనిషికే పేరుంది. వాడు షావుకారు! ఆ దుకాణం ముందు కూర్చున్నవాళ్లలో ఒక్కరి పేరైనా రాయొద్దూ?”

ఆ అమ్మాయి తల దించలేదు. “మీరు చెప్పలేదుగా మేడం. పాఠంలో షావుకారు పేరొక్కటే చెప్పారు. వాళ్లని ‘ఆడవాళ్లు’ అన్నారు.”

మేడం తన పాత నోట్సు తెరిచింది. అక్కడా “కొందరు మహిళలు” అనే ఉంది. ఆ ఘట్టాన్ని తాను తీసుకున్న పుస్తకం అరలోనే ఉంది. అందులో ఆ పేజీ తీసింది. దుకాణం ఏ వీధిదో ఉంది, సరుకు విలువ ఎంతో ఉంది, షావుకారు తండ్రి పేరు కూడా ఉంది. ఎండలో కూర్చున్నవాళ్లు మాత్రం “కొందరు మహిళలు”.

పుస్తకాన్ని టపీమని మూసింది. పక్క బల్ల దగ్గర లెక్కల మాస్టారు ఉలిక్కిపడ్డాడు.

“ఇప్పుడెవరి మీదండీ కోపం?”

“నా మీద,” అంది, చెప్పుల్లో కాళ్లు దూరుస్తూ. “పాత పత్రికలు ఉండే గ్రంథాలయం ఎన్నింటిదాకా తెరిచి ఉంటుందో తెలుసా మీకు?” మాస్టారు చెప్పేలోపే, “నువ్వూ రా,” అని ఆ అమ్మాయికి సైగ చేసి మెట్లు దిగింది.