శనివారం గుట్ట

నరసింగరావు చెయ్యి పడితే మగ్గం మొరాయించేది కాదు. ఆమదాలవలస అవతల గోనెసంచుల మిల్లులో అతనికి సాటి నేతగాడు లేడని శత్రువులు కూడా ఒప్పుకునేవారు. అప్పటికి శత్రువులంటూ ఎవరూ లేరులెండి. వాళ్లని తయారుచేసిపెట్టింది మేనేజరు భీమశంకరరావు.

ఆయన చెడ్డవాడు కాడు. అదే వచ్చిన చిక్కు. కుర్రాడిలో సరుకుంది, సూపర్‌వైజర్ని చెయ్యాలనుకున్నాడు. మగ్గం ఒక్కటే తెలిస్తే చాలదు కాబట్టి మూడు నెలలు నార షెడ్డు అప్పగిస్తానన్నాడు. నారకి నూనె, నీళ్లు పట్టించి, గుట్టలు పేర్చి మెత్తబడనిచ్చే చోటది. నరసింగరావు అందులో అడుగు పెట్టి ఎరగడు. తెలియని పనిలో దింపితేనే మనిషి ఎదుగుతాడన్నది మేనేజరు లెక్క. ఆ లెక్క తప్పు కాదు. కానీ చివర్లో ఒక మాట అన్నాడు: "ఇది నీ ట్రైనింగని ఎవరికీ చెప్పకు. మిగతావాళ్లు బాధపడతారు."

లేబరాఫీసరు గణపతిరావు వద్దని చూశాడు. ఎందుకు పంపుతున్నామో, ఎన్నాళ్లకో అందరి ముందూ చెప్పండి, తర్వాతి వంతులు ఎవరివో చెప్పండి, షెడ్డులో పాతవాడైన జగన్నాధానికి నేర్పే బాధ్యత ఇచ్చి, ఆ పేరు అతనికే దక్కనివ్వండి అన్నాడు. మేనేజరు నవ్వేశాడు. కుండలో కూడు కుండలోనే ఉండాలి, బిడ్డ మాత్రం దుడ్డులా ఉండాలి, అదీ ఆయన వరస.

ఆ జగన్నాధం నరసింగరావుకి స్వయానా బావ, అక్క నీలవేణి మొగుడు. మిల్లులో చేర్పించింది అతనే. షెడ్డు పెద్ద చోటు ఖాళీ అయితే అది తనదేనని ఏళ్ల తరబడి నమ్ముకున్నవాడు. ఒక సోమవారం పొద్దున్న బావమరిది వచ్చి తన నెత్తిన కూర్చున్నాడు. ఎందుకో, ఎన్నాళ్లో ఎవరూ చెప్పలేదు. చెప్పనిచోట జనం వాళ్లంతట వాళ్లే కథ అల్లుకుంటారు. మేనేజరు ఇంటికి ఆవకాయ జాడీలు మోశాడన్నారు. కూలీల పేర్లు అందించాడన్నారు. జగన్నాధం వాటిని కాదనలేదు. అదే ఎక్కువైంది.

నరసింగరావుకి నిజం గొంతులోనే ఉంది. మూడు నెలలే, నీ చోటు నీకే ఉంటుంది బావా అని ఒక్కమాట అంటే సరిపోయేది. మాటిచ్చాను కదా అని మింగేశాడు. సూపర్‌వైజరు కుర్చీ మీద అంత ఆశ పుట్టింది పాపం.

షెడ్డులో ఎవరూ ఎదురు చెప్పలేదు, పని ఎగ్గొట్టలేదు. చెప్పింది చెప్పినట్టు చేశారు, అంతే. పొమ్మనలేక పొగబెట్టడం తెలుసు కదా, అదే మర్యాదగా చేశారు. రోజూ గుట్ట ఛాతీ ఎత్తు పేర్చేవారు, మర్నాడు విప్పేవారు. బాగానే నడిచింది. అయిదు రోజులు అలా గడిచాక, మొదటి శనివారం జగన్నాధం వచ్చి నిలబడ్డాడు.

"గుట్ట రోజూలాగేనా?"

"రోజూలాగే బావా."

"సరే."

ఆదివారం మిల్లుకి సెలవు. శనివారం గుట్ట మోకాలెత్తు దాటనివ్వకూడదు. ఎత్తు పెరిగితే ఒకరోజు ఎక్కువ మాగి, లోపల వేడెక్కి నార చచ్చిపోతుంది. షెడ్డులో చీపురు పట్టే దాలమ్మకి సైతం తెలుసు ఆ సంగతి. అందరూ కలిసి ఛాతీ ఎత్తు పేర్చి, చేతులు కడుక్కుని ఇళ్లకి పోయారు.

సోమవారం గుట్ట విప్పితే ఆవిరి కొట్టింది. నడిమి నారంతా గోధుమరంగు తిరిగి, పట్టుకుంటే పుటుక్కున తెగింది. పైపైన బాగున్నట్టు కనబడిన నార వడికేచోటుకి పంపితే నూలు నిలవలేదు. సాయంత్రానికి సగం మగ్గాలు ఆగాయి. నీలోనే సరుకు లేదని మేనేజరు పదిమందిలో అనేశాడు. పాత మగ్గం అప్పటికే ఇంకొకడికి ఇచ్చేశారు. నరసింగరావుని సంచుల మూటలు మోసే పనికి పంపారు.

ఇక్కడితో ఆగి ఉంటే జరిగింది సగం అన్యాయమే. మేనేజరు బుద్ధి తెచ్చుకున్నాడు. పై ఏడు గణపతిరావు చెప్పినట్టే అక్షరాలా చేశాడు. గేటు దగ్గర అందరినీ నిలబెట్టి, మూడు నెలల వంతు అని, వెళ్లినవాడి మగ్గం వాడిదేనని, ఆ తర్వాత ఎవరో ముందే చెప్పాడు. నేర్పించే పెద్దగా జగన్నాధాన్ని ముందుకి పిలిచాడు. మొదటి వంతు గరివిడి నుంచి వచ్చిన నగరేశ్వరరావుది. ఎవరూ ఏడవలేదు. తన పేరు కూడా వంతుల్లో వెయ్యమని నరసింగరావు అడిగాడు. నీది అయిపోయింది కదా అన్నారు.

ఒక శనివారం మూటతో షెడ్డు పక్కగా పోతూ చూశాడు. జగన్నాధం ఆ పరాయివాడి మణికట్టు పట్టుకుని, నార గుట్టలోకి దూర్చి, వేడి ఎంతవరకు ఆగాలో ఓపిగ్గా చెబుతున్నాడు. ఆ రాత్రి ఇద్దరికీ అక్క వడ్డిస్తుంటే నరసింగరావు చేతిలోని ముద్ద కంచంలో పెట్టేశాడు. అడిగేశాడు.

"శనివారం గుట్ట సంగతి నాకేల సెప్పనేదు బావా?"

జగన్నాధం చారు కలుపుకుంటూనే జవాబిచ్చాడు.

"నీకు నేర్పమని నాకెవులు సెప్పినార్రా? నువ్వు సెప్పినావేటి?"

నీలవేణి తమ్ముడి కంచంలో ఇంకొంచెం అన్నం పెట్టి, తినరా అంది. అతను తిన్నాడు.