మా ఆయన నరికించిన మామిడి చెట్లు

మొక్కల పనిలో మా ఆయనకో మొండి నియమం ఉంది. వేరే రకమని తేలిన తల్లిచెట్టును ఆ పూటే మొదలంటా నరికించి తగలబెట్టాలి. లేకపోతే ఎవరో ఒకరు పొరపాటున దాని కొమ్మ కోసి అంటు కడతారని భయం. కడియంలో మా చిన్న నర్సరీకి మంచి పేరు తెచ్చింది ఆ నియమమే. కొంప ముంచిందీ అదే.

మా పక్కనే ఉన్న పెద్ద నర్సరీ యజమాని బంగినపల్లి అని అమ్మిన అంట్లు మా తోటలో పెరిగి కాపుకొచ్చాయి. చూస్తే ఏదో పుల్లటి పీచుకాయ. మా ఆయన పళ్లు నూరుతూ అన్నిటినీ నరికించి మంట పెట్టించారు. ఉద్యానశాఖ ఆఫీసులో ఫిర్యాదు ఇచ్చారు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. నర్సరీల వాట్సాప్ గ్రూపులో పేరు పెట్టి మరీ, "ఈయన దొంగ, రకం మార్చి అమ్ముతాడు" అని రాశారు.

పరువునష్టం కింద క్రిమినల్ కేసు వేస్తామని నోటీసు వచ్చింది. అది పట్టుకుని రాజమండ్రిలో లాయరు గారి దగ్గరికి వెళ్లాం.

"ఆఫీసులో ఇచ్చిన ఫిర్యాదుతో భయం లేదండి" అన్నారాయన. "అధికారం ఉన్నవాళ్లకి మంచి ఉద్దేశంతో చెప్పుకుంటే చట్టం కాపాడుతుంది. చిక్కల్లా గ్రూపులో రాసినదానితోనే."

"అది నిజమే కదండీ" అన్నాను.

"నిజమైతే, అదీ పదిమంది మేలు కోసం చెప్తే నేరం కాదమ్మా. కానీ నిజమని చూపించాల్సింది మీరే. చెట్లేవి?"

మా ఆయన తల దించుకున్నారు. "పోనీ, అది నా అభిప్రాయం అందామండి" అని గొణిగారు.

"దొంగ అన్నది అభిప్రాయం ఎలా అవుద్దండి? ముందు కాయ తేడా అని రుజువు కావాలి. దాని మీద మీ అభిప్రాయం చెప్తే అది వేరే సంగతి."

ఫోన్లో కాయ ఫొటో ఉంది. అది ఏ చెట్టుదో, ఆ చెట్టు ఎవరు అమ్మారో ఫొటో చెప్పదట. ఆ కాయ కొరికి ఉమ్మేసిన ఇరుగుపొరుగు వాళ్లు కోర్టు అనేసరికి మొహం చాటేశారు. అందరికీ ఆ పెద్ద నర్సరీ ఆయనతో ఇచ్చిపుచ్చుకోవడాలు ఉన్నాయి మరి. నాకు ఒళ్లు మండిపోయింది.

కోర్టు మెట్లెక్కే ఓపిక లేక రాజీకి ఒప్పుకున్నాం. "నేను రాసింది అబద్ధం, క్షమించండి. ఇకమీదట మీ మొక్కల గురించి చెడుగా మాట్లాడను" అని మా ఆయన అదే గ్రూపులో టైపు చేశారు. నిజాన్ని అబద్ధమని రాసినందుకు ఆయన ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

పెద్ద నర్సరీ ఆయన దాన్ని ప్రింటు తీయించి, పటం కట్టించి, తన కొట్లో గోడకి తగిలించాడు.

మొన్న ఎవరో కొత్త రైతు దంపతులు మా గేటు ముందు ఆగారు. ఆవిడ మామిడి అంట్ల కోసం వచ్చామని చెప్పి, "పక్కవాళ్ల మొక్కలు నికార్సైనవేనాండీ?" అని అడిగింది. మా ఆయన లోపలికి వెళ్లిపోయారు.

"వాళ్ల కొట్లో గోడ మీద పటం ఉంది, మా ఆయనే రాసిచ్చారండి, చదువుకోండి" అన్నాను.

చదివి, అంట్లు అక్కడే కొనుక్కున్నారు.