గంధం రంగు చీర

మార్కాపురంలో మా ఆయనా నేనూ నడిపేది మ్యాచింగ్ సెంటర్. జాకెట్టు ముక్కలు, లైనింగులు, ఫాల్స్, లంగా గుడ్డలు. ఆడవాళ్ళు వచ్చి చీర కొంగు కౌంటరు మీద పరుస్తారు, దానికి నప్పే రంగు నేను వెతికి తీస్తాను. ఇరవై ఏళ్ళుగా నా బతుకు ఇదే. ట్యూబులైటు కింద ఒకటిగా కనిపించిన రెండు రంగులు వాకిట్లోకి తీసుకెళ్తే విడిపోతాయని నాకు తెలుసు. అచ్చం అదే రంగు కంటే పక్క రంగు అందమని కూడా తెలుసు. అందుకే నాయనకు డెబ్బై నిండి ఇంట్లో శాంతి చేయించాలనుకున్నప్పుడు, మర్నాడు తీయించే ఫొటోకు ఎవరు ఏం కట్టుకోవాలో చూసే పని అన్న నా మీద పెట్టాడు.

మా ఇంట్లో ఫొటో అంటే అప్పటికి చిన్న సంగతి కాదు. హాల్లో ఉండిన పాత ఫొటోలో తమ్ముడున్నాడు. వాడు పోయి ఏడాదిన్నర. తన కొట్లో కూర్చున్నవాడు కూర్చున్నట్టే గుండె పట్టుకుని ఒరిగిపోయాడు. కర్మకాండలైన మర్నాడే అమ్మ ఆ ఫొటో దించి బీరువాలో బట్టల కింద పెట్టేసింది. అప్పటినుంచి ఆ గోడ ఖాళీగానే ఉంది. కొత్త ఫొటో అక్కడ పెడితే అమ్మ కాస్త తేరుకుంటుందని అన్న ఆశ.

మొత్తం పదిమందిమి. నాయన, అమ్మ, అన్న, వదిన, వాళ్ళ ఇద్దరు పిల్లలు, మా ఆయన, నేను, తమ్ముడి భార్య, వాళ్ళ ఏడేళ్ళ పాప.

"అందరికీ ఒకే రంగు తీసుకుంటే పోలా? ఇప్పుడందరూ అట్లనే చేస్తున్నారు గదా" అంది వదిన.

"బ్యాండు మేళం వాళ్ళ మాదిరి ఉంటాం వదినా" అన్నాను. "మనుషులు కనపడరు, రంగే కనపడుద్ది."

నిజానికి నా మనసులో ఉన్నది వేరే భయం. అందరూ ఒకే రంగు వేసుకుంటే మరదలు వేసుకోదు. తమ్ముడు పోయినప్పటినుంచి ఆ పిల్ల వెలిసిపోయిన రంగులు తప్ప కట్టలేదు. ఎవరూ కట్టొద్దనలేదు, ఎవరూ కట్టుకోమనీ అనలేదు. ముప్పై రెండేళ్ళ మనిషి. తొమ్మిది మంది ఒక రంగులో ఉండి ఆమె ఒక్కతే వేరుగా ఉంటే, ఆ ఫొటో చూసిన ప్రతివాళ్ళకూ సంగతేమిటో చెప్పకుండానే తెలుస్తుంది.

కాబట్టి నేను అమ్మ చీరతో కాక మరదలితో మొదలుపెట్టాను. ఆమె ఏ రంగు కట్టగలదో అది ముందు తేల్చి, మిగతా తొమ్మిది మందినీ దాని చుట్టూ అల్లాలి. గంధం రంగు అనుకున్నాను. లేతదే, కానీ అందులో పసుపు ప్రాణం ఉంటుంది. ఆ రంగులోనే సన్నటి మెరూన్ అంచున్న నూలు చీర ఒకటి దొరికింది. ఆ చీరలోంచే మిగతా రంగులు లాగాను. అమ్మకు ఆవపిండి రంగు పట్టుచీర, దాని మీద మెరూన్ బుటాలు. వదినకు ముదురు మెరూన్. నాకు ఎండిన వేపాకు రంగు. అన్నకు ఇటుక రంగు చొక్కా, వాళ్ళ పిల్లలిద్దరికీ తేనె రంగు, మా ఆయనకు లేత కాఫీ రంగు. నాయనకు తెల్లబట్టలు వద్దన్నాను, ఫొటోలో చూపంతా తెలుపే లాగేస్తుంది. ఆయనకు గంధం రంగు పట్టు కండువా, మీగడ రంగు పంచె. పాపకు గంధం రంగు గౌను. అంటే మరదలి రంగు ఆమె ఒంటి మీదే ఉండిపోకుండా మధ్యలో నాయన భుజం మీదా, ముందు వరసలో పాప మీదా కూడా పడుతుంది. అప్పుడది ఎవరికీ విధించిన రంగులా కనిపించదు. మా అందరిదీ అనిపిస్తుంది.

పదిమంది బట్టలూ మిద్దె మీదికి తీసుకెళ్ళి ఎండ తగలని చోట పక్కపక్కన పరిచి ఫోనులో ఫొటో తీశాను. తరవాత దాన్ని నలుపు తెలుపు చేసి చూశాను. ఏదైనా మరీ తెల్లగానో నల్లగానో ఎగిరిపడితే అందులో తెలిసిపోతుంది. ఏదీ ఎగిరిపడలేదు. ఇంటి ముందు వరండా గోడకు నాయన ఎప్పుడో పలకరాళ్ళు అతికించాడు. బూడిదా నీలమూ కలిసిన ఆ రాతి రంగు ముందు ఈ పసుపులూ మెరూన్లూ వెచ్చగా నిలబడతాయి. సాయంత్రం నాలుగింటికి అక్కడ నీడ, మొహాల మీద ఎండ మచ్చలు పడవు. అన్నీ చూసుకున్నాను. ఒక్క అమ్మను మాత్రం అడగలేదు. అడిగితే వద్దంటుందేమోనని అడగలేదు.

చీర తీసుకుని మరదలి దగ్గరికి పోయినప్పుడు ఆమె అంచు మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది.

"అత్తమ్మ ఏమన్నా అంటదేమో వదినా."

"ఏమనదు. నేనున్నా గదా."

ఆ మాట ఎందుకన్నానా అని ఇప్పటికీ అనుకుంటాను.

ఫొటో రోజు అందరం వరండాలోకి వచ్చాం. ఫొటోగ్రాఫరు మా వీధి చివరి స్టూడియో అతను. కుర్చీలు వేయించి నాయననూ అమ్మనూ కూర్చోబెట్టాడు. మెరూన్ పక్కన ఇటుక రంగు పడకుండా వదిననూ అన్ననూ నేను విడదీసి నిలబెట్టాను. అప్పుడు మరదలు బయటికి వచ్చింది. తల దువ్వుకుని, మెరూన్ జాకెట్టు వేసుకుని, ఆ గంధం చీరలో. ఎంత కాలానికో ఆమె మొహంలో కాస్త వెలుగు కనిపించింది. పాప "అమ్మా, నాదీ నీదీ ఒకటే" అంటూ ఎదురు పరుగెత్తింది.

అమ్మ చూసింది. చూసి తల తిప్పుకుంది. పళ్ళు బిగించి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏందమ్మా?" అన్నాను వంగి.

"ఆ ఎర్రంచు ఏందే?" అంది నాతోనే, కానీ అందరికీ వినపడింది. "నా కొడుకు పోయి రెండేండ్లన్నా గాలే. ఏమీ జరగనట్టు ఎట్ల నిలబడింది చూడు."

"నేనే తెచ్చినానమ్మా. ఆమె అడగలే."

"నువ్వు తెచ్చినా ఎవరు తెచ్చినా, నా కండ్లకు కనపడుతున్నాది గదా. నా వల్ల గాదు."

నాయన నేల చూశాడు. అన్న ఫోను తీసి దాని వైపు చూడసాగాడు. వదిన పిల్లల జుట్టు సవరించింది. నేను పది రంగులు కలిపినదాన్ని, ఒక్క మాట కలపలేకపోయాను. "ఉండనీ అమ్మా, ఆమె కూడా మన మనిషే గదా" అని అనొచ్చు. అమ్మ కళ్ళలో నీళ్ళు చూసి ఆగిపోయాను. అది ఆచారం కోసం అన్న మాట కాదని నాకు తెలుసు. కొడుకు లేని లోకంలో రంగులు ఇంకా ఉండడమే అమ్మ తట్టుకోలేకపోయింది. కానీ ఆ బరువు మోయాల్సింది మరదలేనా అని అడిగినవాళ్ళం ఒక్కరం లేం.

మరదలు లోపలికి పోయింది. ఐదు నిమిషాల్లో బూడిద రంగు చీరలో వచ్చింది. సన్న గళ్ళది. వచ్చి చివర, మా ఆయనకు అవతల నిలబడింది. పాప ఆమె చీర చూసి, తన గౌను చూసుకుంది.

ఫొటోగ్రాఫరు రెండు తీసి కెమెరా వెనక చూసుకుని నన్ను పిలిచాడు.

"అక్కా, ఆ చివరామె గోడలో కలిసిపోతున్నాది. చూడు."

చూశాను. పలకరాతి గోడా ఆమె చీరా ఒకటే రంగు. మేం తొమ్మిదిమందిమీ నేననుకున్నట్టే నిప్పుల దగ్గర కూర్చున్నట్టు వెచ్చగా ఉన్నాం. ఆ చివర గోడ మీద ఒక మొహం, రెండు చేతులు. అంతే. ఆ గోడ ఎంచింది నేను. ఆ రంగులు ఎంచింది నేను.

ఆమెను మధ్యలోకి రమ్మన్నాను, అమ్మ వెనక. "ఇక్కడే బాగుందిలే వదినా" అంది. పాపను ఆమె ముందు నిలబెట్టాను, చీర కొంత మూసుకుపోతుందని. గంధం గౌను వెనక ఆ బూడిద మరీ బూడిదగా కనిపించింది. నాయన కండువా తీసి ఆమె భుజాన వేద్దామనిపించింది. అమ్మ పక్కనే ఉంది, చేయి సాగలేదు.

"పోనీలే అక్కా, కంప్యూటర్‌లో చీర రంగు మారుస్తా. ఏం రంగు పెట్టమంటావు?" అన్నాడు ఫొటోగ్రాఫరు మెల్లగా.

నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "గంధం" అన్నాను. "అంచు వద్దు."

వారం తరవాత ఫ్రేము కట్టి పంపించాడు. రంగు బాగానే ఎక్కించాడు. గళ్ళు మాత్రం పోలేదు, గంధంలో కూడా అవి సన్నగా అలలు అలలుగా కనిపిస్తున్నాయి. మోచేతి కింద మడతలో కొంచెం బూడిద మిగిలింది. తెలిసినవాళ్ళకు తప్ప కనపడదు. అమ్మ ఫ్రేము ఒళ్ళో పెట్టుకుని ఒక్కొక్కరి మొహం తడిమింది. మరదలి దగ్గర వేలు ఆపింది.

"ఎంత కళగా వచ్చినాం అందరం. చూడు, బిడ్డ ఎంత బాగుంది" అంది.

నేను అమ్మ వంక చూశాను. ఆ చీర ఆ రోజు అక్కడ లేదని అమ్మకు గుర్తు లేదా? గుర్తుండీ కాగితం మీదైతే పరవాలేదనుకుందా? అడగలేదు. ఆ ఇంట్లో నేను అడగనివి చాలా ఉన్నాయి.

మరదలు వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి అత్త భుజం మీదుగా చూసింది. పాప "అమ్మా, నువ్వు ఇది విప్పేసినావు గదా?" అంది. మరదలు వంటింట్లోకి తిరిగి పోయింది.

నేను ఆమె వెనకే పోయాను. పొయ్యి మీద పాలు పొంగుతుంటే దించింది.

"కోపమొచ్చిందా?" అన్నాను.

"కోపమేముంది వదినా." పాలగిన్నె మీద మూత పెట్టింది. "కట్టుకున్నది విప్పించినారు, మళ్ళా ఎవరో రంగేసినారు. ఆ ఫొటోలో నిలబడింది నేను గాదు."

"నువ్వు గోడలో కలిసిపోయినావు. అందుకని..."

"కలిసిపోయినట్టే ఉంచాల్సింది. అది నిజమన్నా అయ్యుండేది."

నెలలోపే ఆమె పాపను తీసుకుని గిద్దలూరు, పుట్టింటికి పోయింది. అక్కడ బడి బాగుంటుందని చెప్పింది. ఎవరూ నమ్మలేదు, ఎవరూ ఆపలేదు. బస్టాండుకు నేనే పోయాను. కిటికీ పక్కన కూర్చుని పాపను ఒళ్ళోకి లాక్కుంది. బస్సు కదిలేదాకా ఏదైనా మాట్లాడుతుందని చూశాను. "ఎండకు నిలబడొద్దు, పో వదినా" అంది, అంతే.

మరదలికి అప్పుడప్పుడు ఫోను చేస్తాను. పాప చదువు గురించి చెబుతుంది, అత్తమ్మ ఆరోగ్యం అడుగుతుంది. రమ్మంటే చూద్దాంలే అంటుంది. కొట్లో ఇప్పటికీ రోజంతా రంగులు కలుపుతూనే ఉంటాను. కొనేవాళ్ళు సంతోషంగా వెళ్తారు. నాకు మాత్రం ఆ పనిలో నమ్మకం పోయింది. బట్టలు ఒద్దికగా ఉంటే మనుషులూ ఒద్దికగా ఉన్నట్టు కనిపిస్తారని నేర్చుకున్నాను. కనిపించడం దాటి ఏమీ చేయలేనని ఆ ఇంట్లో, మా అమ్మ ముందు, నోరు పెగలనప్పుడు తెలిసింది. అది సరిచేసే దారి నాకింకా దొరకలేదు.