పడవలొచ్చే వేళ పుట్టినవాణ్ణి

సహోదరులారా, ఏడాదిపాటు నేను ఒక కాగితానికి భయపడి బతికాను! మాది కృష్ణపట్నం దగ్గర చేపలు పట్టే పల్లె. నేను మాత్రం పోర్టులో క్రేన్లు బాగుచేసే సూపర్‌వైజరునయ్యాను. నలభై రెండేళ్లు వచ్చేసరికి, వెంకటాచలం హైవే మీద బావమరిదితో కలిసి సొంత రిపేరు షెడ్డు పెట్టాలని ఆశ పుట్టింది, కాని ఉన్న ఉద్యోగం వదలాలంటే గుండె దడ, అందుకే కావలిలో ఒక జ్యోతిష్కుడి దగ్గరికి పరుగెత్తాను. నా భార్య అప్పటికే ప్రభువును నమ్ముకుంది, నేనేమో ఆమెను చూసి నవ్వేవాణ్ణి.

తెల్లవారుజామున అయిదు గంటలకు పుట్టానని చెప్పాను. ఆయన కాగితం మీద చక్రం వేసి, "మీది శతభిషం, మీన లగ్నం. నడిచేది శని మహర్దశ, అందులో చివరిదైన గురు అంతర్దశ. ఉద్యోగం చెప్పే దశమం ధనుస్సు, దాని అధిపతి గురువు తొమ్మిదో ఇంట ఉన్నాడు గనక కొలువుకు ఢోకా లేదు. కాని దశ నడిపే శని అష్టమంలో కూర్చుని, మూడో చూపుతో ఆ దశమాన్నే చూస్తున్నాడు. సొంత పని పెట్టుకోవద్దు" అన్నారు. అంతే! బావమరిది ఫోను చేస్తే ఎత్తడం మానేశాను, అన్నం సహించలేదు, శనివారం వస్తే డ్యూటీకి పోవాలన్నా వణుకే.

ఒకరోజు ఈ సంగతి అమ్మతో చెప్పుకుని ఏడ్చాను. అమ్మ ఆశ్చర్యపోయింది. "అయిదని ఎవురు చెప్పినార్రా? పడవలు రోజూ అయిదుకొస్తాయి గదా, ఆ వేళకి పుట్టినావని మీ నాయన అయిదు రాయించినాడు. ఆ పొద్దు గాలి తిరగబడి పడవలు ఆలస్యంగా వచ్చినాయి. ఎండ పడినాక పుట్టినావు!"

మళ్లీ కావలి పోయాను. ఆయన ఓపిగ్గా లెక్క తిరగవేశారు. "నక్షత్రం మారలేదు గనక దశ అదే. లగ్నం మాత్రం మేషమైంది. ఇప్పుడు దశమం మకరం, అధిపతి శనే, ఏడో ఇంట ఉచ్చలో ఉన్నాడు, భాగస్తులతో వ్యాపారం భేష్. గురువు అష్టమంలో పడ్డాడు గనక ఈ అంతర్దశ దాటనివ్వండి." ఆయన అబద్ధమాడలేదు సహోదరులారా, ఆయన లెక్క ఆయనది. గ్రహాలు ఎక్కడివక్కడే ఉన్నాయి, ఏడాదిపాటు నన్ను చంపిన శనే ఇప్పుడు నన్ను కాచేవాడయ్యాడు!

సంతోషంగా వచ్చి అమ్మను ఆ వేళ గురించి గట్టిగా అడిగితే, "ఎండ పడిందో, పడబోతా ఉందో, ఆ నొప్పుల్లో నాకేం తెలుసు నాయనా" అంది. కన్నతల్లికే తెలియని ఘడియ, మరి తెలిసినవాడెవరు? నా భార్య పక్కన మోకరించి జీవితంలో మొదటిసారి ప్రార్థించాను: "ప్రభువా, నేను పుట్టకముందే నన్నెరిగినవాడవు నువ్వే. నాకు తెలియంది నీకు తెలుసు. నా భయం తీసెయ్యి తండ్రీ!" ఏ స్వరమూ వినబడలేదు. కాని ఆ భయం పోయింది, లేచి చూస్తే లేదు! దేవునికే మహిమ!

మర్నాడే బావమరిదికి ఫోను చేసి క్షమాపణ అడిగాను. షెడ్డు మొదలుపెట్టాం. పని లేని వారాలూ ఉన్నాయి, అబద్ధం చెప్పను. అయినా కడుపునిండా తిని నిద్రపోతున్నాను. ఏదో ఒక నిర్ణయం తీసుకోలేక వణుకుతున్నవాళ్లు ఈరోజు ఇక్కడుంటే, రండి, ఆయన చేతిలో మీ చేయి పెట్టండి. రేపు ఏమవుతుందో నాకిప్పటికీ తెలియదు, తెలియాలన్న ఆరాటం కూడా లేదు, ఆమేన్!