లీటరుకి మూడున్నర యూనిట్లు

రేపల్లెలో మా ఐసు ప్లాంటుకి ఓనర్ని నేనే అయినా, దాని ప్రాణం మాత్రం ఆదాము చేతిలో ఉండేది. ఆయన జనరేటర్ ఆపరేటరు, నాకంటే పదేళ్లు పెద్ద. ఈ మాట ఇప్పుడు ఇంత సులువుగా రాస్తున్నాను గానీ, 2009 ఎండాకాలంలో ఇదే నోటితో ఆయన్ని దొంగ అన్నాను. నోరు జారిందని తప్పించుకోను. కావాలనే అన్నాను. గేటు ముందు టీ కొట్టు దగ్గర, నలుగురూ వినేలా అన్నాను.

ఆదాముది భట్టిప్రోలు. బళ్లో చదివింది ఐదో తరగతి. పన్నెండేళ్లప్పుడే కాలవ గట్టు మీద నీళ్లు తోడే ఆయిలింజన్ల దగ్గర చేరాడు. అక్కణ్ణించి కర్లపాలెంలో ఒక రైసుమిల్లు, ఆ తర్వాత మా నాన్న దగ్గర. ఇంజను చప్పుడు విని లోడు ఎంతుందో చెప్పేవాడు. మీటరు చూస్తే రెండు మూడు కిలోవాట్ల తేడా, అంతే! పొగ గొట్టం చివర వేలు రాసి, ఆ మసి చూసి ఇంజను ఒంట్లో బాగుందో లేదో చెప్పేవాడు. డిప్లొమా చదివినవాళ్లు ఇద్దరు ముగ్గురు వచ్చి వెళ్లారు గానీ, మా ఇంజను మాట విన్నది ఈ ఒక్కడి దగ్గరే.

ఆయనకో పద్ధతి ఉండేది. జనరేటర్ ఆపగానే మీటరు మీద యూనిట్లు, ట్యాంకులో పోసిన డీజిలు, ఆడిన గంటలు ఒక పుస్తకంలో రాసేవాడు. అక్షరాలు కోడి కెలికినట్టుండేవి. అంకెలు మాత్రం ముత్యాలు.

ఆ అంకెలే నా కొంప ముంచాయి. మార్చిలో లీటరు డీజిలుకి మూడున్నర యూనిట్ల కరెంటు వచ్చింది. లీటరు ముప్పై నాలుగు రూపాయలు, అంటే యూనిట్ దాదాపు పది. డిపార్ట్‌మెంటు లైను మీద వచ్చే కరెంటైతే అన్నీ కలిపినా యూనిట్ నాలుగు దాటదు. పదే ఎక్కువని నేననుకుంటుంటే, ఏప్రిల్ చివర పుస్తకం తిరగేస్తే లీటరుకి రెండున్నర కూడా రావడం లేదు. యూనిట్ పద్నాలుగు పైనే! అదే ఇంజను, అదే మనిషి, అదే బంకు డీజిలు. మరి మిగతాది ఎటు పోయినట్టు? ఇక నాకు ఆలోచన అక్కర్లేకపోయింది.

"ఎవడికి అమ్ముతున్నావయ్యా డీజిలు?" అని అడిగాను టీ కొట్టు దగ్గర. "పదిహేనేళ్లు తిన్న ఇంటికే కన్నం వేస్తావా? దొంగా!"

ఆదాము టీ తాగుతున్నాడు. అరుస్తాడనుకున్నాను. అరవలేదు. గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"రేపటికల్లా మానెయ్యమంటే మానేత్తానండి బాబుగారూ. కానీ ఆ పేరు మోసుకుని మాత్రం పోనండి. రేపు పొద్దున పదింటికి కరెంటు పోద్దిగా, మీరే ఇంజను పక్కన కుర్చీ ఏసుకుని కూకోండి. రెండు గంటలు చాలండి."

మర్నాడు కుర్చీ వేసుకుని కూర్చున్నాను. డీజిలు గది తాళం చెవులు నా జేబులోనే ఉన్నాయి. పది కొట్టగానే కరెంటు పోయింది. ఆ ఎండాకాలం రోజూ పది నించి రెండు దాకా కోతే. ఆదాము ట్యాంకు మూతి దాకా డీజిలు నింపాడు. "మీటరు మీరే సూడండి, మీ చేత్తోనే రాయండి" అన్నాడు. నేనే రాశాను.

మొదటి గంట ఈ పదిహేను రోజులూ ఎలా నడిచిందో అలాగే నడిపాడు. చిన్న కంప్రెసరు, ఐసు డబ్బాల చుట్టూ ఉప్పునీళ్లు తిప్పే మోటారు, లైట్లు. గంటకి ఇరవై యూనిట్లు. ట్యాంకు మళ్లీ మూతి దాకా నింపడానికి కొలత డబ్బాతో నా చేత్తోనే పోశాను. ఎనిమిది లీటర్ల మీద కొంచెం పట్టింది. లీటరుకి రెండుంబావు, రెండున్నర మధ్య.

"ఇప్పుడు పెద్ద కంప్రెసరు కూడా ఏత్తున్నానండి" అన్నాడు. ఇంజను ఒక్కసారి మూలిగి, తర్వాత నిండుగా పాడింది. గంటలో డెబ్భై ఐదు యూనిట్లు. పట్టిన డీజిలు ఇరవై ఒక్క లీటర్లు. కాగితం మీద రెండుసార్లు భాగించాను. మూడున్నర! గుక్కెడు కూడా తగ్గలేదు.

కాగితం ఆదాముకి చూపించాను. ఆదామే చెప్పాడు.

"ఇది వంద కిలోవాట్ల ఇంజనండి. దాని చేత ఇరవై మోయిస్తున్నాం. ఊరికే తిరగటానికే అది తాగేది తాగుద్ది గదండి. వంద బస్తాలు మోసే లారీలో పది బస్తాలు ఏసుకెళ్తే డీజిలు పదోవంతే అవుద్దేంటి?"

"మరి మార్చిలో?"

"మార్చిలో పడవలున్నాయండి. నిజాంపట్నం రేవుకి ఐసు కావాలి, రెండు కంప్రెసర్లూ ఆడేవి. ఏప్రిల్ పదిహేను నించి సముద్రంలో వేట బంద్, గవర్నమెంటోళ్ల రూలు. సోడా కొట్లకీ, రొయ్యల చెరువులకీ ఇచ్చేదానికి చిన్నదొక్కటి చాలు. లోడు పడిపోయింది, లీటరుకి వచ్చేదీ పడిపోయింది."

వేట ఆగిందని నాకు తెలియదా! పుట్టింది ఇక్కడే. కానీ పడవలు ఒడ్డున ఉండటానికీ, నా ఇంజను డీజిలు తాగడానికీ ముడి ఉందని ఇంత తలకాయకి తట్టలేదు.

"అయితే ఏం చెయ్యాలంటావు?"

"ఈ నాలుగు గంటలూ జనరేటరే ఏయొద్దండి. ఐసు ట్యాంకు మీద చెక్క మూతలు ఎత్తకపోతే ఉప్పునీళ్ల చలి ఎటూ పోదు, ఐసు కరగదు. కరెంటు రాగానే పెద్దది కూడా కాసేపు ఆడిత్తే పోయిన గంటలు దొరుకుతాయి. అది నాలుగు రూపాయల కరెంటు కదండీ. పడవలు ఎళ్లేటప్పుడు ఐసు ఆగకూడదు, అప్పుడు పది రూపాయలైనా కాల్చాలి. ఇప్పుడెందుకండి?"

"ఇన్నాళ్లూ చెప్పలేదేంటయ్యా!" నా గొంతు లేచింది. అలవాటు పోతుందా?

"రెండుసార్లు చెప్పానండి. కరెంటు పోగానే జనరేటర్ ఆన్ కావాల్సిందే, ఎదురు చెప్పొద్దని తమరే అన్నారు."

అన్నాను. నిజంగానే అన్నాను. రోజుకి ముప్పై మూడు లీటర్లు, నా ఒక్క మాట మీద పొగైపోయాయి. ఆ మాట పాటించిన మనిషిని పట్టుకుని దొంగ అన్నాను. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి. "తప్పైపోయింది ఆదాము" అని చెయ్యి పట్టుకున్నాను.

ఆయన చెయ్యి వెనక్కి లాక్కోలేదు. "నాకేం చెప్పక్కర్లేదండి. టీ కొట్టు కాడ విన్నోళ్లకి చెప్పండి. మా ఇంటిది రాహేలుకి చెప్పండి. నిన్నట్నించి పొయ్యి ముట్టించలేదు" అన్నాడు.

టీ కొట్టు దగ్గర చెప్పాను, నిన్న అరిచినంత గట్టిగానే. అక్కణ్ణించి వాళ్లింటికి వెళ్లాను. రాహేలు గుమ్మంలో నిలబడింది, లోపలికి రమ్మనలేదు. నేను చెప్పిందంతా విన్నది. లోడు, లీటరు, పడవలు, అన్నీ చెప్పాను.

"నాకు ఆ లెక్కలు తెలవ్వండి" అంది. "మా ఆయన దొంగ కాదంటున్నారు, బానే ఉంది. మరి అంత డీజిలు ఎవరు తిన్నారండి?"

"నేనేనమ్మా" అన్నాను.

ఆమె గుమ్మం పక్కకి తప్పుకుంది. నేను కూర్చోడానికి అరుగు మీదికి పీట జరిపింది.