పెద్దాయనను పరిచయం చేసిన మ్యాపులమ్మాయి

ధైర్యం గొంతులో పుడుతుందా, కాళ్ళలో పుడుతుందా? ఇంత వయసొచ్చినా ఈ సంగతి నాకు తేలలేదు. మ్యాపులమ్మాయికి ఆ రోజు కాళ్ళు గజగజ వణికాయి. గొంతు మాత్రం ఇసుమంతైనా తొణకలేదు.

ఇంజనీరుగా చేరి ఏడాదైనా కాలేదు. వంతెనలు కట్టే ఆఫీసులో ఆమెను పాత మ్యాపులు, డ్రాయింగులు దాచే గదిలో పడేశారు. ఆ పేరు అలా వచ్చిందే. ఆమె కన్ను మాత్రం పై అంతస్తులో ఉన్న డిజైన్ సెక్షన్ మీద. అక్కడికి పంపాలన్నా, దుమ్ములోనే ఉంచాలన్నా చీఫ్ ఇంజనీరు చేతిలో పని.

ఆ ఆఫీసుకొక ఆనవాయితీ ఉంది. ఏటా జరిగే సభలో అతిథిని పరిచయం చేసేది అందరికంటే కొత్తగా చేరినవాళ్ళే. ఆ ఏడు వస్తున్నది మామూలు మనిషా! ఇంజనీర్లు చదువుకునే పుస్తకాల్లో బొమ్మ ఉన్న పెద్దాయన. చీఫ్ రెండు పేజీలు టైపు చేయించి చేతిలో పెట్టాడు.

ముందురోజు సాయంత్రం కుట్టుమిషన్ ముందున్న అక్కకు చదివి వినిపించింది.

"'సూర్యుడికి దివిటీ పట్టబోతున్న అల్పురాలిని...'"

అక్క నోట్లోంచి గుండుసూదులు తీసింది. "ఆపవే తల్లీ! ఆయన్ని ఎత్తుతున్నావా, నిన్ను నువ్వు తొక్కుకుంటున్నావా? ఇంతకీ దేని గురించి మాట్లాడతాడట?"

"వంతెనలు ఎందుకు ఊగుతాయో."

"మరి ఈ బిరుదుల మూటలో ఒక్క వంతెనా ఊగదేం?"

చెల్లెలికి చురుక్కుమంది. పెద్దాయన కట్టిన మొదటి కాలినడక వంతెన ఊగింది. ఇంజనీర్లందరికీ తెలుసు. ఆయనే పత్రికలో రాసుకున్నాడు కూడా. ఆయన ముందు మాత్రం ఎవరూ ఆ మాట ఎత్తరు.

మర్నాడు సభకు ముందు, అతిథుల గదిలో మంచినీళ్ళు తాగుతున్న పెద్దాయన దగ్గరికి నేరుగా వెళ్ళింది.

"నమస్కారమండీ, ఇవాళ మిమ్మల్ని పరిచయం చేసేది నేనే. మీ పేరు సరిగ్గా పలుకుతున్నానో లేదో చూడండి." పలికింది. ఆయన ఒక అక్షరం దగ్గర దిద్దాడు. "ఇంకొకటండీ. మీ మొదటి వంతెన సంగతి చెప్పవచ్చా?"

పక్కనున్న చీఫ్ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఎంతసేపు మాట్లాడతావమ్మా?"

"ఒక్క నిమిషమండీ."

"అయితే చెప్పు. నిమిషంలో నన్ను పొగడ్డానికి తీరదు, అదే నాకు లాభం."

వరండాలోకి రాగానే చీఫ్ పళ్ళ బిగువున అన్నాడు: "ఆయన పెద్దమనిషి కనక ఊరుకున్నాడు. ఇంటికి పిలిచి తప్పులెంచుతావా? నేనిచ్చింది చదువు. లేదంటే ఆ డ్రాయింగుల గదిలోనే రిటైరవుతావు."

వేదిక ఎక్కింది. హాలు కిక్కిరిసి ఉంది. మైకును తన ఎత్తుకు దించుకుంది. చీఫ్ కాగితం మడత విప్పలేదు.  

"అందరికీ నమస్కారం. మనం కట్టిన వంతెనను, జనం ఎక్కాక, మనమే మూయించాల్సి వస్తే? ఈయన మూయించారు. కొత్త వంతెన మొదటి సాయంత్రమే పక్కకు ఊగింది. ఎవరూ అడక్కముందే మూయించి, మనుషుల్ని దాని మీద నడిపించి చూశారు. వంతెన కాస్త కదిలితే చాలు, నడిచేవాళ్ళు తెలియకుండానే దాని ఊపుకు అడుగు కలుపుతారు, ఊపు ఇంకా పెరుగుతుంది. అది పట్టుకుని, ఊపును మింగే డాంపర్లు బిగించి మళ్ళీ తెరిచారు. మనం ఈ ఏడు నాలుగు కాలినడక వంతెనలు మొదలుపెడుతున్నాం. అందుకే ఈయన మాట ఇవాళ మనకు కావాలి."

చివర్లో ఆయన పేరు, దిద్దించుకున్నట్టే, నిదానంగా పలికి పక్కకు జరిగింది.

 హాలు చప్పట్లతో హోరెత్తిపోయింది. చీఫ్ చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక చేతులు గాల్లో ఉంచాడు.

పెద్దాయన తాను రాసుకొచ్చిన కాగితాలు పక్కన పెట్టేశాడు. "మామూలుగా పొగడ్తల మేడ మీంచి దిగడానికే నాకు పావుగంట పడుతుంది. ఇవాళ నేల మీదే నిలబెట్టారు, బతికిపోయాను."

హాలంతా నవ్వు. ఆయన ఆ వంతెనతోనే మొదలుపెట్టాడు. ముగిస్తూ అన్నాడు: "లెక్కలు ఎలాగూ వేస్తారు. జనం పనుల నుంచి మళ్ళే వేళ ఒకసారి వంతెన మధ్యకు వెళ్ళి నిలబడండి. ఊపు మొదట తెలిసేది పాదాలకే."

మ్యాపులమ్మాయి కిటికీలోంచి చూసింది. ఎండ వాలింది. ఆఫీసులు వదిలే వేళ. రైల్వే స్టేషను దగ్గరి కాలినడక వంతెన రెండు వీధుల అవతలే!

వందన సమర్పణకు చీఫ్ మైకు అందుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. "అతిథిని పరిచయం చేసిన మా డిజైన్ సెక్షన్ అమ్మాయికి..."

పక్క తలుపు దగ్గర ఆమె అడుగు ఒక్కసారి ఆగింది. డిజైన్ సెక్షన్! వెనక్కి తిరగబోయింది. ఇంతలో దూరంగా రైలు కూసింది.

పెద్దాయన వెతికి చూసేసరికి ఆమె కుర్చీలో మడత విప్పని కాగితం ఒక్కటే ఉంది. ఎవరికీ వెళ్ళొస్తానని చెప్పకుండా, ఆమె అప్పటికే స్టేషను వంతెనకేసి మెట్లు రెండేసి చొప్పున దిగిపోతోంది.