మీటరు అనే మాట

లక్ష్మీరాజం గురించి రాయాలంటే నాకు మొదట వచ్చేది రోత. ఆయన మీద కాదు. ఆయన పనిచేసిన ఆఫీసు మీద, అందులో ఆయన పక్క కుర్చీలో కూర్చొని నోరు మూసుకున్న నా మీద.

మరమగ్గాన్ని సిరిసిల్లలో సాంచె అంటారు. ఆ సాంచెల మీద పదిహేనేళ్లు నేసి, చెవులు సగం పోగొట్టుకుని, ముప్పై ఆరేళ్ల వయసులో కోరుట్లలో చిన్న పిల్లల నడుమ కూర్చొని కంప్యూటరు నేర్చుకున్న మనిషి ఆయన. వినబడదు కాబట్టి మెల్లగా మాట్లాడటం రాదు. "అమృతమ్మా, చాయ్ అచ్చిందా?" అని నన్ను అడిగితే వీధి చివర హోటలువాడు తలెత్తేవాడు. రెండు వేల మూడులో జగిత్యాలలో మా కంపెనీలో నెలవారీ బిల్లులు తీసేది ఆయన. వాటిని మడిచి కవర్లలో పెట్టేది నేను.

మా సర్వీసు ఏమిటంటే, సాంచెల లెక్కలు రాసే సాఫ్ట్‌వేరు. ఊళ్లలోని ఫోను బూత్‌ల నుంచి మా కంప్యూటరుకు ఫోను కలిపి, ఏ సాంచె మీద ఏ షిఫ్టులో ఎన్ని మీటర్లు నేశారో ఎక్కిస్తారు. అలా ఎక్కించిన ప్రతిసారీ మా దగ్గర ఒక రికార్డు పడుతుంది. ఒకటో తారీఖున లక్ష్మీరాజం ఆ రికార్డులన్నీ దించుకుంటాడు. లైను తెగి రెండుసార్లు వచ్చినవాటిని రికార్డు నంబరు చూసి ఒకటి తీసేస్తాడు. ఖాతాల వారీగా కూడుతాడు. నెలకు నూరు ఎక్కింపులు ఉచితం, ఆ పైన ఒక్కోదానికి రెండు రూపాయలు. ఎంత తక్కువ వాడినా నూట యాభైకి తగ్గదు. చివరికి బిల్లులో మిగిలేది ఒక్క వరుస: వాడకం ఇంత, ధర ఇంత, మొత్తం ఇంత.

ఆ ఆగస్టులో ఎల్లంతకుంట దిక్కు ఒక పల్లెలో అన్నలు, అంటే నక్సలైట్లు, టెలిఫోన్ ఎక్స్ఛేంజీ పేల్చేశారు. నెలాఖరు దాకా పదకొండు పనిరోజులు లైను లేదు, ఆ తర్వాతా రాలేదు. ఆ ఊళ్లో మా ఖాతా ఒక్కటే, పోశవ్వది. మొగుడు పోయాక ఆరు సాంచెలు నడుపుకుంటున్న మనిషి. నూలు ఇచ్చే సేటు ప్రతి శనివారం మా ముద్రించిన లెక్క చూస్తేనే కూలి కడతాడు, సాంచెలకెక్కించే నూలు చుట్టిన కొత్త భీములు ఇస్తాడు. అందుకని ఆమె షిఫ్టుల కాగితాలు బస్సు కండక్టరు చేతికిచ్చి పంపింది. లక్ష్మీరాజం వాటిని చేత్తో ఎక్కించాడు. ఫోను ద్వారా రాలేదు కదా, వాడకం రికార్డులు వాటంతట అవి పడలేదు. వాటిని కూడా ఆయనే కొట్టాలి. ఖాతా నంబరు, తేదీ, షిఫ్టు, చివరి గడి పేరు 'మీటరు'.

హైదరాబాదులో ఆ సాఫ్ట్‌వేరు రాసినవాడికి మీటరు అంటే కరెంటు మీటరులాంటిది, ఎన్నిసార్లు వాడారన్న లెక్క. ఆ గడిలో ఒకటి అని కొట్టాలి. పదిహేనేళ్లు బట్ట నేసినవాడికి మీటరు అంటే ఏమిటి? బట్టే! కాగితంలో ముప్పై అయిదు అని ఉంటే ముప్పై అయిదు కొట్టాడు. ముప్పై నాలుగుంటే అదే కొట్టాడు. ఆరు సాంచెల నూట ముప్పై రెండు షిఫ్టులకు నాలుగు వేల ఆరు వందల ఇరవై. లైను పోకముందు ఫోనులో పడ్డవి ఇంకో నూట ఎనభై. మామూలుగా నాలుగు వందల ఇరవై నాలుగు రూపాయలు రావాల్సిన బిల్లు తొమ్మిది వేల నాలుగు వందలు వచ్చింది.

నేను చూశాను. ఆరు సాంచెల ఆడమనిషికి ఇంత బిల్లా అనుకున్నాను. అనుకుని, మడిచి, కవరులో పెట్టాను. ఆ చేతులు విరగ్గొట్టాలి!

అయిదో తారీఖున బిల్లు ఆమెకు చేరింది. ఏడు లోపల కట్టకపోతే ఎనిమిదిన ఖాతాకు తాళం. అడుగుదామంటే ఫోను లేదు, వద్దామంటే బంద్ పిలుపుతో మూడు రోజులు బస్సుల్లేవు. తాళం పడింది. శనివారం లెక్క చూపలేకపోయేసరికి సేటు భీములు విప్పుకుపోయాడు. ఆమె రెండు సాంచెలను పాత ఇనుప సామాను కింద తూకానికి అమ్మి, తాళం తీస్తారని సిరిసిల్లలోని మా కౌంటరులో బిల్లు కట్టి, ఆ రసీదు పట్టుకుని జగిత్యాల వచ్చింది.

"ఏంది తమ్మీ గిది? నేను నేసిన బట్ట మీకేమన్న అమ్మిన్నా? నెలంత నేసినా గన్ని పైసలు నా చేతుల వడయి!"

లక్ష్మీరాజం ఫైలు తెరిచాడు. నిమిషం పట్టలేదు. మనిషి ముఖం సున్నం కొట్టినట్టయింది.

"అక్కా, తప్పు నాదే. మీటర్లు గొట్టిన. నీ పైసలు నీకిప్పిస్త, ఇక్కడనే కూసో."

మా యజమాని పరశురాములు లోపలి గదిలో ఉన్నాడు. లక్ష్మీరాజం గొంతు సంగతి తెలిసిందే, ఆయనకు వినబడాలంటే యజమానీ అరవాల్సిందే, తలుపు మూసినా బయట పోశవ్వకూ నాకూ ప్రతి మాటా వినబడింది.

"సార్, బిల్లు రద్దు చేసి కొత్తది తీస్త. ఎక్కువ గట్టిన ఎనిమిది వేల తొమ్మిది వందల డెబ్బై ఆరు ఆమెకు వాపస్ ఇయ్యాలె."

"పైసలు డబ్బల వడ్డంక ఎట్ల ఎళ్తయయ్యా? ఖాతాల జమ రాయి. ముందటి బిల్లులల్ల కోసుకుందాం."

"ఆమె సాంచెలు అమ్ముకున్నది సార్! భీములు లేవు. ఇంకేం వాడుతది?"

"అయితే నేనేం జెయ్యాలె? ఎక్స్ఛేంజీ పేల్చింది నేనా? పోయి అన్నలనే అడుగుమను."

అని నవ్వాడు. ఆ నవ్వు ఇప్పటికీ నాకు గొంతులో చేపముల్లు. లక్ష్మీరాజం బతిమాలాడు, తన జీతంలో కోసుకొమ్మన్నాడు. "తప్పు రాసినట్టు కాగితం బయటికి వోతే రేపు అందరు అడుగుతరు," అన్నాడు ఆ పెద్దమనిషి. ఖాతా మూసేస్తే జమ తిరిగి రాదని బిల్లు వెనక చీమ తలకాయలంత అక్షరాల్లో ఉంది. అదీ చదివి వినిపించాడు. థూ!

పోశవ్వ రసీదు చెంగున ముడేసుకుని వెళ్లిపోయింది.

అక్టోబరు ఒకటిన లక్ష్మీరాజం రికార్డులు దించాడు. తాళం పడేలోపు నేసినవాటి కాగితాలు బంద్ వల్ల మా దాకా రాలేదు, పోశవ్వ ఖాతా మీద ఒక్కటీ లేదు. అయినా సాఫ్ట్‌వేరు తన పని తాను చేసింది. వాడకం సున్నా. కనీస చార్జీ నూట యాభై. జమలోంచి కోత నూట యాభై. మిగులు ఎనిమిది వేల ఎనిమిది వందల ఇరవై ఆరు. ఆయన వేళ్ల మీద లెక్క కట్టి నా వంక చూశాడు.

"అరవై నెలలమ్మా. అయిదేండ్లల్ల ఊకెనే మింగుతది."

ఆ బిల్లు కవరులో పెట్టనివ్వలేదు. తానే పట్టుకుని ఎల్లంతకుంట బస్సెక్కాడు. సిగ్గేసి నేనూ వెంట వెళ్లాను. షెడ్డులో నాలుగు సాంచెలు భీములు లేకుండా నిలబడి ఉన్నాయి. అమ్మినవాటి చోట నేల మీద నాలుగేసి బోల్టు గుంతలు, వాటి చుట్టూ నూనె మరకలు. లక్ష్మీరాజం బిల్లు చదివి వినిపించాడు. మెల్లగా చదవడం ఆయనకు రాదు. మాటలన్నీ ఆ రేకుల షెడ్డులో మోగాయి.

పోశవ్వ కాగితం తీసుకుని ఆ వరుస మీద వేలు పెట్టింది.

"గిది సున్ననేనా తమ్మీ?"

"సున్ననే అక్కా."

"సున్న నేసినందుకు గూడ మీకు నూట యాభయ్యా?"

లక్ష్మీరాజం మర్నాటి నుంచి ఆఫీసుకు రాలేదు. సిరిసిల్లలో ఎవరి దగ్గరో మళ్లీ సాంచె నడుపుతున్నాడని విన్నాను. ఆయన కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు. ప్రతి ఒకటో తారీఖున పోశవ్వ బిల్లు నేనే తీస్తున్నాను. రికార్డులో ఆ చివరి గడి పేరు ఇంకా 'మీటరు' అనే ఉంది.